నోటిమాటగా ఒప్పుకున్న ఇంటీరియర్ పనిని రాసి పంపడం: రేటు, పని, తేదీలు ఎలా రాయాలి?

ప్రశ్న: అన్నా, విజయవాడలో ఇంటీరియర్ వుడ్‌వర్క్ పనులు సొంతంగా పట్టడం మొదలుపెట్టి ఏడాది అయింది. నిన్న ఒక ఫ్లాట్‌లో కూర్చుని రెండు వార్డ్‌రోబ్‌లు, కిచెన్, టీవీ యూనిట్ అన్నీ కలిపి ఒక రేటు మాట్లాడుకున్నాం. గృహప్రవేశం లోపు ఇస్తానన్నాను. సార్ అక్కడికక్కడే 50 వేలు ఫోన్‌పే చేశారు. కాగితం మీద ఏమీ లేదు. ఇప్పుడు రాసి పంపితే నమ్మకం లేదనుకుంటారేమో అని టెన్షన్‌గా ఉంది. పంపాలా? పంపితే ఏం రాయాలి?

సమాధానం:

పంపు తమ్ముడూ, ఈ రాత్రికే పంపు. ప్లైవుడ్ ఆర్డర్ పెట్టకముందే ఆ మెసేజ్ వెళ్లాలి, దానికి వాళ్ల దగ్గర్నుంచి జవాబు రావాలి. ఒక్కసారి షీట్ కోశామంటే అది ఆ ఇంటికి తప్ప ఇంకెక్కడా పనికిరాదు. ఆ తర్వాత ఏ గొడవ వచ్చినా నష్టపోయేది మనమే.

నమ్మకం సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మన లైన్‌లో చాలామంది ఆగిపోయేది అక్కడే. "మీరు మాట మార్చకుండా రాసుకుందాం" అన్నట్టు వినిపిస్తే ఎవరికైనా మనసు కష్టమవుతుంది. అందుకని నేను దాన్ని నా అవసరంగా చెప్తాను. సైట్ నుంచి లేచేముందు పాకెట్ బుక్‌లో రాసుకున్నవి పైకి చదువుతాను: "సార్, మొత్తం ఇంత, ఈ ఐటమ్స్, ఈ తేదీకి. నా వల్ల ఏదీ మిస్ కాకూడదు, సాయంత్రం ఇదే వాట్సాప్‌లో పెడతాను, ఒకసారి చూసి తప్పుంటే చెప్పండి." ఇలా ముందే చెబితే మెసేజ్ వెళ్లినప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు. నువ్వు నిన్న చెప్పలేదు కాబట్టి ఇవాళ మెసేజ్ మొదట్లోనే ఆ మాట రాయి: "నిన్న మనం మాట్లాడుకున్నవి నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను. నేను పొరపాటుగా అర్థం చేసుకున్నది ఏదైనా ఉంటే చెప్పండి సార్." ఇరవై ఏళ్లలో ఈ మాటకి నొచ్చుకున్న క్లయింట్ నాకు ఒక్కరూ తగల్లేదు. "మంచి పని చేశారు, మా ఆవిడకి కూడా పంపండి" అన్నవాళ్లే ఎక్కువ.

చట్టం విషయం కూడా తెలిసి ఉండాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాటగా చేసుకున్న ఒప్పందం కూడా చెల్లుతుంది. మన పనికి బాండు పేపర్ ఉంటేనే ఒప్పందం అనుకోవడం పొరపాటు. చిక్కల్లా రుజువు దగ్గరే. 50 వేలు ఫోన్‌పేలో వచ్చాయంటే డబ్బు వచ్చిందని తెలుస్తుంది గానీ, అది ఏ పనికి, మొత్తం ఎంతలో 50 వేలు, ఎప్పటికి ఇవ్వాలి అన్నవి అందులో ఎక్కడా ఉండవు. నువ్వు పంపే మెసేజ్ ఆ లోటు పూడుస్తుంది.

ఏం రాయాలో చెప్పేముందు నేను ఎందుకింత పట్టుదలగా ఉన్నానో చెప్పాలి. 2012లో ఒక ఇంటి పని చదరపు అడుగు 750 రూపాయలకి మాట్లాడుకున్నాను. రేటు మీద ఇద్దరికీ ఏ తేడా లేదు. పని అంతా అయ్యాక కొలతలు పెట్టేటప్పుడు ఆ ఇంటి ఓనర్ బయటి నుంచి ఒక వడ్రంగిని తీసుకొచ్చారు. ఆ వడ్రంగి కింది తలుపులు మాత్రమే కొలిచాడు. నేను పైన లాఫ్ట్‌లు, బయటికి కనిపించే పక్క ప్యానెల్స్ కూడా కలిపాను. తేడా 61 చదరపు అడుగులు, అంటే 45,750 రూపాయలు. ఓనర్ అబద్ధమాడారని ఈరోజుకీ అనను. ఆయన విన్నది "చదరపు అడుగు 750" అన్నంతవరకే. దేన్ని కొలుస్తామో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. చివరికి సగం వదులుకున్నాను. రెండు నెలల నా సంపాదన అది.

అందుకని రేటు అంటే అంకె ఒక్కటే అనుకోకు. ఆ అంకె దేనిమీద అన్నది కూడా రేటులో భాగమే.

ఇప్పుడు ఒక పని మొదటి నుంచి చివరిదాకా చెప్తాను, నీ పని లాంటిదే. 2025 మార్చి 2, ఆదివారం. ఒక కొత్త ఫ్లాట్‌లో కూర్చుని మాట్లాడుకున్నాం. ఏప్రిల్ 30 అక్షయ తృతీయ నాడు వాళ్ల గృహప్రవేశం. నేను కొలతలు తీసి లెక్క వేశాను. పెద్ద బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, అంటే 56 చదరపు అడుగులు. రెండోది 6 బై 7, అంటే 42. రెండూ కలిపి 98, చదరపు అడుగు 1,450 చొప్పున 1,42,100. వాటిపైన 2 అడుగుల ఎత్తు లాఫ్ట్‌లు 16, 12 కలిపి 28, అడుగు 850 చొప్పున 23,800. కిచెన్ కింద, పైన కలిపి 60, అడుగు 1,650 చొప్పున 99,000. టీవీ యూనిట్ మొత్తంగా 36,000. అన్నీ కలిపితే 3,00,900. సార్ "సరే, రౌండ్‌గా మూడు లక్షలు చేసేయండి" అన్నారు, నేను సరేనన్నాను, చేతులు కలిపాం.

ఆ సాయంత్రం ఏడింటికి ఇదంతా రాసి పంపాను. అందులో "జీఎస్టీ 18 శాతం అదనం" అని ఒక లైన్ ఉంది. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "మూడు లక్షలంటే అన్నీ కలిపే కదండీ?" అన్నారు. చూడు, ఎదురెదురుగా గంటసేపు మాట్లాడుకున్నాం, ఇద్దరం మంచి మనసుతోనే ఒప్పుకున్నాం. అయినా ఇద్దరి బుర్రల్లో ఉన్న అంకెలకి 54,000 తేడా. ఆ మెసేజ్ పంపకపోయి ఉంటే ఈ సంగతి ఏప్రిల్ చివర్లో, బిల్లు చేతిలో పెట్టినప్పుడు, గృహప్రవేశం హడావుడి మధ్యలో తెలిసేది. ఆ రోజు ఇంకా ఒక్క షీట్ కూడా కొనలేదు కాబట్టి ఇద్దరం నెమ్మదిగా మాట్లాడుకోగలిగాం. వాళ్లు టీవీ యూనిట్ తర్వాత చూసుకుందామన్నారు. అది తీసేస్తే 2,64,900, జీఎస్టీ 47,682, మొత్తం 3,12,582.

జీఎస్టీ దగ్గర నీకొక మాట. నువ్వు ఇంకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోకపోతే ఆ పేరుతో వసూలు చేయకూడదు. అప్పుడు "నాకు జీఎస్టీ లేదు, ఇదే చివరి మొత్తం" అని రాయి. రిజిస్ట్రేషన్ ఉంటే కలిపా, అదనమా అన్నది రాయకుండా ఏ అంకే పంపకు.

ఆ రాత్రి నేను రెండోసారి పంపిన మెసేజ్ దాదాపు ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. పేర్లు తీసేశాను.

"నమస్తే సార్. సాయంత్రం ఫోన్‌లో మాట్లాడుకున్న మార్పులతో మళ్లీ రాస్తున్నాను. ఏడింటికి పంపిన మెసేజ్ బదులు ఇదే లెక్క.

పని: పెద్ద బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ 8 అ. x 7 అ., పైన లాఫ్ట్ 8 అ. x 2 అ. రెండో బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ 6 అ. x 7 అ., పైన లాఫ్ట్ 6 అ. x 2 అ. కిచెన్ కింద, పైన బాక్సులు కలిపి 60 చ.అ. టీవీ యూనిట్ ఇప్పుడు చేయడం లేదు.

మెటీరియల్: కిచెన్‌కి ఐఎస్ 710, వార్డ్‌రోబ్‌లకి, లాఫ్ట్‌లకి ఐఎస్ 303 ముద్ర ఉన్న 18 ఎం.ఎం. ప్లైవుడ్. బయట 1 ఎం.ఎం. లామినేట్, షీటు 1,800 రూపాయల వరకు. అంతకంటే ఖరీదైనది ఎంచుకుంటే తేడా మీది. వార్డ్‌రోబ్, కిచెన్ తలుపులకి సాఫ్ట్ క్లోజ్ హింజెస్. హార్డ్‌వేర్ బ్రాండ్ షాపులో చూసి ఇద్దరం కలిసి ఖాయం చేద్దాం.

కొలత: తలుపు మూసి ఎదురుగా నిలబడితే కనిపించే వెడల్పు x ఎత్తు. లోపలి అరలకి వేరే లెక్క లేదు.

ఇందులో లేనివి: గ్రానైట్, సింక్, చిమ్నీ, కరెంటు పాయింట్లు, గోడల పెయింటింగ్, పూజ మందిరం, షూ ర్యాక్.

మొత్తం: 2,64,900 + జీఎస్టీ 47,682 = 3,12,582.

చెల్లింపు: ఇప్పుడు అడ్వాన్స్ 1,00,000. బాక్సులు సైట్‌లో నిలబెట్టిన రోజు 1,25,000. లామినేట్ అంటించి తలుపులు బిగించిన రోజు 60,000. అప్పగించిన రోజు 27,582.

తేదీలు: మార్చి 15కి పెయింటర్ లప్పం, ప్రైమర్ పూర్తిచేసి సైట్ ఇస్తారు. లామినేట్ రంగులు కూడా 15 లోపు మీరు ఖాయం చేస్తారు. మేము 17న మొదలుపెట్టి 30 పనిదినాల్లో, అంటే ఏప్రిల్ 19కి అప్పగిస్తాం. ఆదివారాలు లెక్కలో లేవు. సైట్ గానీ రంగులు గానీ ఎన్ని రోజులు ఆలస్యమైతే అప్పగించే తేదీ కూడా 19 తర్వాత అన్ని పనిదినాలకి మారుతుంది.

ఇది సరిగ్గా ఉంటే 'సరే' అని ఒక్క మాట పెట్టి అడ్వాన్స్ పంపండి సార్. అది అందాక ప్లైవుడ్ ఆర్డర్ ఇస్తాను."

చదువుతుంటే పెద్దగా అనిపిస్తుంది, కానీ ఫోన్‌లో రెండు మూడు స్క్రీన్‌లకి మించదు. ఇందులో కొన్ని లైన్లు ఎందుకున్నాయో చెప్తాను, ఎందుకంటే నీ పనికి అంకెలు మారతాయి, కారణాలు మారవు.

"వాటర్‌ప్రూఫ్ ప్లై వేస్తాం" అని మనం నోటితో అంటుంటాం కదా, రాసేటప్పుడు ఆ మాట వాడకు. క్లయింట్‌కి వాటర్‌ప్రూఫ్ అంటే నీళ్లలో పడేసినా ఏమీ కానిది. షాపువాళ్లు దాన్ని రకరకాల సరుక్కి వాడతారు. షీట్ మీద ముద్ర ఉంటుంది. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 303 అంటే మామూలు వాడకానికి చేసేది. ఆ నంబర్ రాస్తే, షీట్లు సైట్‌కి దిగిన రోజు క్లయింట్ తానే ముద్ర చూసుకోవచ్చు. దించిన రోజే ముద్ర కనిపించేలా ఫోటో తీసి అదే చాట్‌లో పెట్టు. కోసి లామినేట్ అంటించాక ఆ ముద్ర ఎవరికీ కనిపించదు.

"ఇందులో లేనివి" అన్న లైన్ నాకు అన్నిటికంటే ముఖ్యం. ఉన్నవి రాయడం అందరూ చేస్తారు. కానీ "కిచెన్ మొత్తం మీరే కదా" అన్న మాటలో గ్రానైట్ ఉందని వాళ్లనుకుంటారు, లేదని మనమనుకుంటాం. ఆ ఇంట్లో మాటల మధ్యలో మేడమ్ పూజ మందిరం గురించి, షూ ర్యాక్ గురించి అడిగారు. "చేద్దాం మేడమ్" అన్నాను. నా ఉద్దేశం చేయగలమని. మూడు లక్షల్లోనే వస్తుందని ఆవిడ అనుకుని ఉండొచ్చు. అందుకే మాటల్లో వచ్చి లెక్కలోకి రాని ప్రతి వస్తువునీ పేరుతో సహా "లేనివి"లో పెడతాను. నిన్న మీ మాటల్లో ఏమేం దొర్లాయో గుర్తుచేసుకుని అవన్నీ అక్కడ రాయి.

లామినేట్‌కి షీటు ధర పరిమితి కూడా అలాంటిదే. క్లయింట్ షాపుకి వెళ్లాక చూసే రంగులు వేరు, మనం లెక్క వేసుకున్న ధర వేరు. పరిమితి రాసి ఉంటే షాపులో నిలబడి ఇబ్బంది పడాల్సిన పని లేదు.

ఇక తేదీలు. "గృహప్రవేశం లోపు ఇస్తాను" అని నువ్వన్నావు. అది చాలా బరువైన మాట తమ్ముడూ. ముహూర్తం ఉందని తెలిసి ఒప్పుకున్నావంటే ఆ తేదీ ఒప్పందానికి ప్రాణం లాంటిదని వాళ్లు వాదించవచ్చు. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ అదే చెప్తుంది: సమయమే ముఖ్యమని ఇద్దరూ అనుకున్న చోట గడువు దాటితే అవతలివాళ్లు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అంత బరువు మోసేటప్పుడు, ఆ తేదీ నిలబడాలంటే వాళ్ల వైపు నుంచి ఏం జరగాలో కూడా పక్కనే రాయాలి. సైట్ ఎప్పుడు ఇస్తారు, రంగులు ఎప్పుడు చెప్తారు, రెండో విడత డబ్బు ఎప్పుడు. "30 రోజుల్లో" అని వదిలేయకుండా ఏ రోజు నుంచి లెక్క, ఆదివారాలు ఉన్నాయా లేవా అన్నది రాసి, చివర అసలు తేదీ వెయ్యి. ముహూర్తానికీ అప్పగించే తేదీకీ మధ్య కనీసం వారం పదిరోజులు వదులు. పాలు పొంగించే రోజు ఉదయం నీ మనుషులు హింజెస్ బిగిస్తూ కనిపించకూడదు.

ఆ ఇంట్లో ఏమైందో చెప్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. సైట్ మార్చి 15కే ఇచ్చారు. రంగుల దగ్గర ఇంట్లో మాట కుదరక ఆరు పనిదినాలు ఆలస్యమైంది. రంగులు చెప్పిన రోజే నేను ఒక చిన్న మెసేజ్ పెట్టాను: "రంగులు ఈరోజు అందాయి సార్. 15కి రావాల్సినవి ఆరు పనిదినాలు ఆలస్యం, కాబట్టి అప్పగించే తేదీ ఏప్రిల్ 19 నుంచి 26కి మారుతుంది. గృహప్రవేశానికి ఇబ్బంది లేదు." ఆయన "ఓకే" పెట్టారు. ఆలస్యం జరిగిన రోజే చెప్పాలి. ఏప్రిల్ 19 రాత్రి "మీరే రంగులు లేటు చేశారుగా" అంటే అది సాకులా ఉంటుంది, నిజమైనా సరే.

ఏప్రిల్ రెండో వారంలో మేడమ్ షూ ర్యాక్ కావాలన్నారు. 4 బై 3, అంటే 12 చదరపు అడుగులు, 1,450 చొప్పున 17,400, జీఎస్టీ 3,132, మొత్తం 20,532. మూడు పనిదినాలు పడుతుంది. 26కి మూడు పనిదినాలు కలిపితే సరిగ్గా ముహూర్తం రోజుకి చేరుతుంది. అందుకని "ఇది కొత్త పని మేడమ్, 20,532, గృహప్రవేశం అయ్యాక మే 5కి బిగిస్తాం, పాత పని తేదీ మారదు. సరే అంటే షీట్ కోస్తాం" అని రాశాను. డబ్బిచ్చేది సార్ కాబట్టి ఆ మెసేజ్ ఇద్దరూ ఉన్న గ్రూపులో పెట్టాను.

ఈ గ్రూపు సంగతి తేలిగ్గా తీసుకోకు. మన ఇళ్లల్లో మాట్లాడేది ఒకరు, రంగులు చెప్పేది ఒకరు, డబ్బిచ్చేది ఒకరు. మధ్యలో ఊరి నుంచి మామగారు వచ్చి లాఫ్ట్ ఎత్తు మార్చమంటారు. పెద్దాయన చెప్పారు కదా అని మా కార్పెంటర్ మార్చేస్తాడు. అందుకే మొదటి రోజే "మార్పులు ఏవైనా ఈ గ్రూపులో రాసినవే చేస్తాం" అని పెట్టి, కార్పెంటర్లకి కూడా అదే గట్టిగా చెప్తాను. మామగారు చెబితే "అల్లుడుగారి చేత ఒక మెసేజ్ పెట్టించండి" అంటారు, అంతే.

ఇప్పుడు జవాబు విషయం. చాలామంది మెసేజ్ చివర "రెండు రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే" అని రాస్తారు. అది నిన్ను కాపాడదు. ఎదుటివాళ్లు ఊరుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. నీలం టిక్కులు పడితే చూశారనే అర్థం, సరేనన్నారని కాదు. కానీ "సరి అనుకుంటే అడ్వాన్స్ పంపండి" అని రాసి, ఆ తర్వాత అడ్వాన్స్ వచ్చిందనుకో, అప్పుడు లెక్క మారుతుంది. అడిగిన షరతు నెరవేర్చడం కూడా ఒప్పుకోవడమేనని కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్ అంటుంది. నేను మెసేజ్ పంపాకే అడ్వాన్స్ తీసుకునేది అందుకే.

నీ విషయంలో వరస తిరగబడింది. 50 వేలు ముందే వచ్చాయి. కాబట్టి ఆ డబ్బు నువ్వు రాసే వివరాలకి ఒప్పుకోలు కాదు. నీకు రాతలో జవాబు తప్పనిసరిగా కావాలి. మెసేజ్‌లో "నిన్న ఫోన్‌పే ద్వారా 50,000 అందింది, పై మొత్తంలో ఇది జమ" అని రాసి, "మిగతా అడ్వాన్స్ ఇంత, ఇది సరే అనుకుంటే పంపండి" అని అడుగు. రేపటిదాకా జవాబు రాకపోతే ఫోన్ చెయ్యి. "చూశాంలెండి, ఓకే, మొదలుపెట్టేయండి" అని నోటితో అంటే కోపం తెచ్చుకోకు, ఫోన్ పెట్టేశాక "ఇప్పుడు ఫోన్‌లో మీరు ఓకే అన్నారు కాబట్టి ప్లైవుడ్ ఆర్డర్ ఇస్తున్నాను సార్" అని రాయి. వాళ్లు రాసిన "సరే" అంత గట్టిది కాదు, కానీ ఆ రోజు తేదీతో ఒక రాత ఉంటుంది, దానికి వాళ్లు కాదనలేదన్నదీ ఉంటుంది. ఆ తర్వాత రెండో విడత వస్తే ఇంకా బలపడుతుంది. మిగతా అడ్వాన్స్ కూడా రాకముందే సగం మెటీరియల్ మాత్రం దించకు.

జవాబులో వాళ్లు ఒక అంకె మార్చి రాస్తే, ఉదాహరణకి "అన్నీ ఓకే, కానీ 2,90,000" అంటే, అది సరే కాదు, కొత్త మాట. ఫోన్‌లో తేల్చుకుని మళ్లీ మొత్తం మెసేజ్ కొత్తగా పంపు, పైన "పాతది బదులు ఇదే" అని రాసి. పాత మెసేజ్‌ని ఎడిట్ చేయకు. వాట్సాప్‌లో పావుగంట లోపు ఎడిట్ చేయొచ్చు కానీ పక్కన ఎడిట్ చేసినట్టు పడుతుంది. ముందు ఏముందో, వాళ్లు దేనికి సరేనన్నారో రేపు ఎవరూ చెప్పలేరు.

దాచుకోవడం గురించి కొంచెం. ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడు. కొంతమంది అన్ని చాట్‌లకీ అదే పెట్టుకుంటారు, 90 రోజుల తర్వాత వెతికితే ఏమీ ఉండదు. నేను ప్రతి పనికీ చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కి పంపుకుంటాను, అడ్వాన్స్ వచ్చిన రోజు ఒకసారి, అప్పగించిన రోజు ఒకసారి. అయినా అసలు చాట్ ఫోన్‌లో ఉండాల్సిందే. కోర్టుదాకా వెళ్లాల్సి వస్తే ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జతచేయాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ అడుగుతుంది. స్క్రీన్‌షాట్ ఒక్కటి చేతిలో పట్టుకుని వెళ్తే లాయర్ మొదట అడిగేది "అసలు ఫోన్ ఏది" అనే. డబ్బు రావాల్సి ఉండి మాట్లాడుతూ కాలయాపన చేస్తుంటే మూడేళ్ల గడువు కూడా గుర్తుంచుకో. డబ్బు ఎప్పుడివ్వాలో ఏమీ అనుకోకుండా చేసిన పనికి, పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. చెల్లింపు తేదీలు అనుకున్నవైతే ఆ తేదీల నుంచి లెక్క ఉంటుంది. ఈలోపు లాయర్‌ని కలువు.

ఈ మెసేజ్ ఎంతవరకు సరిపోతుందన్నది కూడా చెప్పాలి. మూడు, నాలుగు లక్షల ఇంటి పనికి నాకు ఇది చాలుతోంది. ఆఫీసు, షాపు, క్లినిక్ లాంటి చోట్ల, ఆలస్యమైతే రోజుకి ఇంత అని వాళ్లు అడిగే చోట, రెండు మూడు నెలల పని చోట వాట్సాప్ సరిపోదు. అక్కడ డ్రాయింగ్‌లతో సహా ఇద్దరూ ప్రతి పేజీ మీద సంతకం పెట్టిన ఒప్పందం రాయించుకుంటాను. ఇంకోటి, మెసేజ్ ఎంత బాగా రాసినా డబ్బివ్వకూడదని ముందే అనుకున్న మనిషి దగ్గర అది డబ్బు తెచ్చిపెట్టదు. అందుకే విడతలు కంటికి కనిపించే పనులకి కట్టాను, చివరి విడత 27,582 మాత్రమే ఉంచాను. చివర్లో ఆగిపోయినా ఆ పనికి నేను పోగొట్టుకునేది అంతవరకే.

చివరగా నీ పని. ఈ రాత్రి కొలతల కాగితం ముందు పెట్టుకుని రాయి. గుర్తులేని చోట ఊహించి రాయకు, "హ్యాండిల్స్ ఏ రకమో నిన్న మనం అనుకోలేదు, చెప్పండి సార్" అని అడుగు. ఒకవేళ ఆ మెసేజ్ చూసి వాళ్లు "మేమనుకున్నది ఇది కాదు" అంటే, ఎక్కడ తేడా ఉందో లైన్ వారీగా మాట్లాడు. రేటు మీద కాకుండా పని తగ్గించడం మీద మాట్లాడు, మేము టీవీ యూనిట్ తీసేసినట్టు. అలా కూడా కుదరకపోతే ఆ 50 వేలు వెంటనే తిరిగి ఫోన్‌పే చేసి, "పని కుదరలేదు, అడ్వాన్స్ 50,000 పూర్తిగా తిరిగి పంపాను" అని అదే చాట్‌లో రాసిపెట్టు. ఇంకా నువ్వు ఒక్క షీట్ కూడా కొనలేదు కాబట్టి నీకు పోయేది ఏమీ లేదు. మెసేజ్ రాశాక పంపేముందు కావాలంటే పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టు, చూస్తాను.